గాలి రెట్టింపయితే కరెంటు ఎంత పెరుగుతుంది? ధర్మసాగర్ పొలంలో గాలిమర డైరీ

మే 12

జనరేటర్ పూర్తయింది. హనుమకొండలో నేను నడిపే మోటారు వైండింగ్ షాపులో ఇన్నేళ్లూ కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టాను. అక్కడ కరెంటు వెళ్లి ఇరుసును తిప్పుతుంది. ఇప్పుడు చేసింది దానికి తిరగేసిన పని: ఇరుసు తిరిగితే కరెంటు బయటికి రావాలి. పాత కారు చక్రం హబ్బుకు రెండు ఇనుప పళ్లాలు బిగించి, ఒక్కో పళ్లెం మీద పన్నెండేసి నియోడిమియం అయస్కాంతాలు అతికించాను. రెండు పళ్లాల మధ్య రెజిన్‌లో పోతపోసిన రాగి కాయిళ్లు కదలకుండా ఉంటాయి. వాటికి అటూ ఇటూ అయస్కాంతాలు తిరుగుతాయి. కాయిళ్ల నుంచి మూడు ఫేజులు వస్తాయి. డయోడ్ బ్రిడ్జి వాటిని డీసీగా మార్చి పన్నెండు వోల్టుల బ్యాటరీకి పంపుతుంది.

పొలం మా చిన్నాన్నది, ధర్మసాగర్ చెరువుకు తూర్పున. వానాకాలంలో గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి నీటి మీదుగా అడ్డం లేకుండా వస్తుంది. పశువుల కొట్టంలో, మోటారు గదిలో రాత్రి దీపాలు వెలగాలన్నది ఆయన కోరిక. ఎంత గాలికి ఎంత కరెంటు వస్తుందో కొలిచి రాసుకోవాలన్నది నా కోరిక.

ఇవాళ లేత్ మెషీన్‌కు బిగించి తిప్పి చూశాం. నిమిషానికి 200 చుట్లు తిరిగితే బ్రిడ్జి తర్వాత 14.4 వోల్టులు. చుట్లు తగ్గితే వోల్టులూ అదే లెక్కన తగ్గుతాయి, పెరిగితే అదే లెక్కన పెరుగుతాయి. ఇందులో వంకర ఏమీ లేదు, గీత గీసినంత సూటి. వంకరంతా గాలి వైపునే ఉంది.

మే 20

మూడు రెక్కలు టేకు చెక్కతో వడ్రంగి చెక్కి ఇచ్చాడు. తిరిగే వలయం అడ్డంగా 1.8 మీటర్లు. మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చి నాతో పనిలో దిగాడు. రెక్కలకు లిన్సీడ్ ఆయిల్ పూస్తూ వాడు అడిగాడు: "మామయ్యా, మనం గాలిలోంచి అసలు తీసుకునేది ఏమిటి? ఒత్తిడా, వేడా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు సరిగా పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది. మనం తీసుకునేది గాలి కదలిక. గాలికి బరువుంది. కదిలే బరువుకు గతిశక్తి ఉంటుంది. రెక్కలు ఆ కదలికను కొంత నెమ్మదింపజేసి, గాలి పోగొట్టుకున్న శక్తిని ఇరుసు తిప్పడానికి వాడుకుంటాయి. గాలిమర వెనకాల గాలి ముందున్నంత వేగంగా ఉండదు. ఆ తేడాయే మన సంపాదన.

నేల మీద కూర్చుని సుద్దముక్కతో లెక్క వేశాం. మన వలయం వైశాల్యం 2.54 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వస్తే ఒక్క సెకనులో ఆ వలయం గుండా పదికి కాస్త మించి ఘనపు మీటర్ల గాలి పోతుంది. మన ప్రాంతపు ఎత్తుకూ ఎండకూ గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.1 కిలోలు. పుస్తకాల్లో కనిపించే 1.225 సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చలికి చెందిన లెక్క, అది మనకు చెల్లదు. అంటే సెకనుకు 11.2 కిలోల గాలి. ఒక్కో కిలోలో ఉన్న గతిశక్తి వేగం వర్గంలో సగం, అంటే 8 జౌళ్లు. రెండూ గుణిస్తే సుమారు 90 వాట్లు.

గాలి 8 మీటర్లకు పెరిగిందనుకుందాం. అదే సెకనులో అదే వలయం గుండా రెట్టింపు గాలి, 22.4 కిలోలు, దాటుతుంది. ఒక్కో కిలోలో ఉండే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 32 జౌళ్లు. గుణిస్తే 717 వాట్లు. వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లయింది. వచ్చే గాలి పరిమాణం ఒకసారి, ఆ గాలిలోని శక్తి రెండుసార్లు, మొత్తం మూడుసార్లు వేగం లెక్కలోకి వస్తుంది. శక్తి P, గాలి సాంద్రత ρ, వలయం వైశాల్యం A, గాలివేగం v అనుకుంటే:

```
P = ½ × ρ × A × v³
మన మరకు: P = 1.4 × v³ వాట్లు
```

ఈ రెండో వరుసను పొలంలోని మోటారు గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఈ మరకు సంబంధించిన ప్రతి లెక్కా అక్కడి నుంచే మొదలవుతుంది.

మే 21

నిన్నటి లెక్కకు ఒక కోత ఉంది. 717 వాట్లూ తీసుకోవాలంటే గాలిని పూర్తిగా ఆపేయాలి. ఆపేస్తే ఆ గాలి రెక్కల వెనకే నిలిచిపోతుంది, కొత్త గాలి రావడానికి దారి ఉండదు, వలయాన్ని తప్పించుకుని పక్కల నుంచి పోతుంది. అసలు నెమ్మదించకపోతే తీసుకున్నది సున్నా. మధ్యలో ఎక్కడో మేలైన చోటు ఉండాలి. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఆ చోటును లెక్కగట్టాడు: వెనక గాలి వేగం ముందున్న దానిలో మూడోవంతుకు దిగినప్పుడు ఎక్కువ శక్తి దక్కుతుంది. అప్పుడు కూడా దక్కేది 27లో 16 వంతులు, అంటే సుమారు 59 శాతం. ఏ రెక్క చెక్కినా ఈ గీత దాటదు.

మనలాంటి చిన్న మరల రెక్కలకు 30, 35 శాతం వస్తే చాలా మేలు. ఆ పైన బేరింగుల రాపిడి, రాగిలో వేడి, డయోడ్లలో పోయేది కూడా తీసేయాలి. గాలిలోని శక్తిలో నాలుగోవంతు బ్యాటరీకి చేరితే నాకు సంతోషమే.

జూన్ 3

స్తంభం నిలబెట్టాం. తొమ్మిది మీటర్ల జీఐ గొట్టం, నాలుగు వైపులా స్టే వైర్లు. రోహిణి కార్తె ఎండలో గునపం దిగడానికే ఒక పూట పట్టింది. గాలివేగం కొలిచే మూడు గిన్నెల మీటరును వేరే గొట్టం మీద, మర ఎత్తుకు దగ్గరగా, రెక్కల నీడ పడనంత దూరంలో పెట్టాం. గాలివేగాన్నీ బ్యాటరీలోకి పోయే ఆంపియర్లనూ ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు సెకనుకోసారి మెమరీ కార్డులోకి రాస్తుంది.

చుట్లు కొలవడానికి విడిగా సెన్సార్ పెట్టలేదు. పళ్లెం మీద పన్నెండు అయస్కాంతాలంటే ఆరు జతలు. ఒక్క చుట్టుకు ఆరు అలలు. అందుకని ఒక ఫేజు మీద మల్టీమీటర్‌ను హెర్ట్జ్‌లో పెట్టి, వచ్చిన అంకెను పదితో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 20 హెర్ట్జ్ అంటే 200 చుట్లు.

స్తంభం మొదట్లో ఒక బ్రేకు స్విచ్ ఉంది. దాన్ని వేస్తే మూడు ఫేజులూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కాయిళ్లు తమ కరెంటుతోనే అయస్కాంతాలను పట్టి లాగుతాయి, మర దాదాపు ఆగిపోతుంది. మర తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడదీయడం మాత్రం ఎవరూ చేయకూడదని చిన్నాన్నకు, జీతగాడికి చెప్పి, చూపించాను. లాగే బరువు లేకపోతే రెక్కలు హద్దు లేకుండా వేగం అందుకుంటాయి.

జూన్ 9

మృగశిర కార్తె వచ్చింది, గాలీ వచ్చింది. మర ముఖాన్ని పడమటికి తిప్పుకుని తిరుగుతోంది.

మొదట కనిపించింది అడుగు గీత. గాలి సెకనుకు 2, రెండున్నర మీటర్లు ఉన్నప్పుడు రెక్కలు చక్కగా తిరుగుతున్నాయి, కానీ అమ్మీటర్ ముల్లు సున్నా మీదే ఉంది. చిన్నాన్న కాసేపు చూసి, "తిరుగుతోంది కదరా, మరి కరెంటు ఎందుకు రావడం లేదు?" అన్నారు.

బ్యాటరీ దగ్గర అప్పటికే 12.6 వోల్టులు ఉన్నాయి. బ్రిడ్జిలో కరెంటు రెండు డయోడ్లు దాటాలి, వాటికి ఇంకో 1.4. మొత్తం 14 వోల్టులు దాటనిదే ఒక్క ఆంపియర్ కూడా బ్యాటరీలోకి దిగదు. లేత్ మీద చూసిన లెక్కన 14 వోల్టులకు సుమారు 195 చుట్లు కావాలి. ఆ వేగానికి రెక్క కొస సెకనుకు 18 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. మా రెక్కలు గాలికి ఆరు రెట్ల కొస వేగంతో తిరిగేలా చెక్కినవి. అంటే గాలి 3 మీటర్లు దాటాలి. అంతకంటే తక్కువ గాలిలో శక్తి లేదని కాదు, 2 మీటర్ల గాలిలో మా వలయానికి 11 వాట్లు ఉన్నాయి. ఉన్నా మెట్టు ఎక్కించేంత వేగాన్ని అది రెక్కకు ఇవ్వలేదు.

పొలాల్లో, కొండల మీద కనిపించే పెద్ద మరలకూ ఇలాంటి అడుగు గీత ఉంటుంది, 3 నుంచి 4 మీటర్ల దగ్గర. కారణాలు కొంత వేరు, ఫలితం ఒకటే: అంతవరకు గీత నేలమట్టంగా సాగి అక్కడి నుంచి లేస్తుంది.

జూన్ 16

కార్డులో తగినన్ని అంకెలు పోగయ్యాయి. సెకను సెకనుకు వచ్చిన గాలివేగాన్నీ వాట్లనూ జతచేసి చూస్తే అర్థం ఉండదు. గాలివిసురు మీటరును తాకే క్షణమూ రెక్కలను తాకే క్షణమూ ఒకటి కావు, పైగా రెక్కలకు బరువుంది, అవి వేగం అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటాయి. అందుకని నిమిషం నిమిషానికి సగటు తీసి, 3 మీటర్ల చుట్టుపక్కల వచ్చినవన్నీ ఒక కుప్ప, 4 చుట్టుపక్కలవి ఇంకో కుప్ప, ఇలా పేర్చాం. ఒక్కో కుప్పకు సగటు వాట్లు ఇవి:

| గాలి (మీ./సె.) | గాలిలోని శక్తి (వాట్లు) | బ్యాటరీకి చేరింది (వాట్లు) |
|---|---|---|
| 3 | 38 | 5 |
| 4 | 90 | 22 |
| 5 | 175 | 42 |
| 6 | 302 | 62 |
| 8 | 717 | 98 |

మేనల్లుడు మొదటి రెండు వరుసలు చూసి ఎగిరి గంతేశాడు. 3 నుంచి 4కు గాలి మూడోవంతు పెరిగితే కరెంటు నాలుగు రెట్లకు పైగా పెరిగింది. తర్వాత కిందికి చూసి నిరాశపడ్డాడు. 4 నుంచి 8కి ఎనిమిది రెట్లు రావాలి, అంటే 176. వచ్చింది 98. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే 4 తర్వాత పైకి వంగుతూ పోవాల్సిన గీత దాదాపు సూటిగా సాగింది. మీటరు గాలికి ఇరవై వాట్లు, కూలి కట్టినట్టు.

ఈ పట్టికను ఇంకోలా చదివితే అసలు సంగతి తెలుస్తుంది. గాలిలో ఉన్నదానిలో ఎంత శాతం బ్యాటరీకి చేరింది? 3 దగ్గర 13, 4 దగ్గరా 5 దగ్గరా 24, 6 దగ్గర 20, 8 దగ్గర మళ్లీ 14. మధ్యలో మర బాగా పనిచేస్తోంది. రెండు కొసల్లోనూ జారిపోతోంది. కింది కొసలో ఎందుకో జూన్ 9నే తెలిసింది. పై కొసది తేలాలి.

జూన్ 24

పై కొస రహస్యం మల్టీమీటర్ చెప్పింది.

మధ్యాహ్నం మబ్బు కమ్మి గాలి లేచింది. నేను మోటారు గదిలో హెర్ట్జ్ అంకె చదువుతున్నాను. మేనల్లుడు బయట గాలిమీటరు అంకె అరిచి చెబుతున్నాడు. 4 అన్నప్పుడు నా దగ్గర 21. 6 అన్నప్పుడు 24. గాలి 8కి చేరింది, వేపచెట్టు కొమ్మలు వంగిపోతున్నాయి, నా మీటరు 26 దగ్గర నిలబడింది. గాలి రెట్టింపయితే చుట్లు దాదాపు నాలుగోవంతు మాత్రమే పెరిగాయి. రెక్కల చప్పుడూ మారింది. తక్కువ గాలిలో వినిపించే సన్నని ఈల పోయి, గాలిని బాదుతున్నట్టు గరగర వస్తోంది.

చుట్లను పట్టి ఉంచింది బ్యాటరీయే. జనరేటర్ వోల్టు చుట్లకు కట్టుబడి ఉంది. బ్యాటరీ తన వోల్టు దగ్గర కదలకుండా కూర్చుంది. ఆ రెండింటికీ నడుమ ఉన్నది కాయిళ్లలోనూ తీగలోనూ ఉన్న నిరోధం మాత్రమే, అది అంతా కలిపి 0.6 ఓములు. అందుకని చుట్లు కొద్దిగా పెరిగితే చాలు, కరెంటు బాగా పెరుగుతుంది, ఆ కరెంటు రెక్కలను అంతే గట్టిగా వెనక్కి లాగుతుంది. రెక్కలు ముందుకు పోలేవు.

అయితే ఏమిటి, కరెంటు వస్తోంది కదా అనిపించవచ్చు. చిక్కు రెక్కల దగ్గర ఉంది. రెక్క గాలిని ఒక కోణంలో కోస్తేనే బాగా లాగుతుంది. ఆ కోణం గాలివేగానికీ కొస వేగానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. 21 హెర్ట్జ్ దగ్గర కొస సెకనుకు 20 మీటర్లు పోతోంది, గాలి 4, నిష్పత్తి 5. బాగుంది. 26 హెర్ట్జ్ దగ్గర కొస 24.5, గాలి 8, నిష్పత్తి 3కు దిగింది. గాలి రెక్క మీదికి మరీ నిలువుగా వచ్చి పడుతోంది. వీపు మీదుగా జారిపోవాల్సిన గాలి విడివడి సుడులు తిరుగుతోంది. ఎత్తే బలం పడిపోతుంది, అడ్డుకునే బలం పెరుగుతుంది. ఆ గరగర చప్పుడు ఆ సుడులదే.

గాలి ఎనిమిది రెట్లు తెచ్చింది. రెక్కలు దాన్ని అందుకోవాలంటే వాటికి రెట్టింపు వేగంతో తిరిగే స్వేచ్ఛ కావాలి. పెద్ద మరల్లో జనరేటర్‌కూ గ్రిడ్‌కూ మధ్య ఎలక్ట్రానిక్ కన్వర్టర్ ఉండి ఆ స్వేచ్ఛ ఇస్తుంది. అందుకే అవి తమ గరిష్ఠ సామర్థ్యం చేరేదాకా ఘనం లెక్కకు దగ్గరగా నడుస్తాయి.

అందుకోలేనిదానితో పాటు, అందుకున్నదాంట్లోనూ కొంత పోతోంది. 8 మీటర్ల దగ్గర 7.7 ఆంపియర్లు పారుతున్నాయి. రాగిలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది: 7.7ను 7.7తో గుణించి 0.6తో గుణిస్తే 36 వాట్లు. మోటార్లు కాల్చే వేడీ ఇదే, నాకు బాగా తెలిసిన శత్రువు. 4 మీటర్ల గాలికి ఈ వేడి రెండు వాట్లు కూడా ఉండదు.

జూలై 2

దీనికి మూడు దారులున్నాయి. కన్వర్టర్ పెట్టి మర వోల్టును బ్యాటరీ వోల్టు నుంచి విడదీయడం అన్నిటికన్నా మేలైనది, ఖర్చు ఎక్కువ. తీగలో కావాలని నిరోధం చేర్చడం రెండోది. వినడానికి వింతగా ఉన్నా పనిచేస్తుంది: వేడిగా కొంత పోయినా, రెక్కలు వేగం అందుకుని దానికంటే ఎక్కువ తెచ్చిపెట్టగలవు. మూడోది అయస్కాంతాల పళ్లాలను కాస్త దూరం జరపడం. మధ్య సందు పెరిగితే కాయిళ్లను దాటే అయస్కాంత బలం తగ్గుతుంది, అదే వోల్టుకు ఎక్కువ చుట్లు కావాలి. ఖర్చు ఒక వాషర్ల పొట్లం. అదే చేశాం.

పని చిన్నది, ప్రమాదం చిన్నది కాదు. ఆ పళ్లాలు ఒకదాన్నొకటి లాక్కునే బలానికి వేలు మధ్యలో పడితే నలిగిపోతుంది. మర దింపి, పై పళ్లేనికి ముందే కొట్టించిన మూడు మరచుట్ల రంధ్రాల్లో పొడవాటి బోల్టులు దించి, ఒక్కో బోల్టును పావు చుట్టు చొప్పున వరుసగా తిప్పుతూ పళ్లాన్ని సమంగా పైకి లేపాం. ఒక బోల్టును ముందు ఎక్కువ తిప్పితే పళ్లెం వాలి కాయిళ్ల రెజిన్‌ను గీకేస్తుంది. ఒక్కో స్టడ్‌కు రెండున్నర మిల్లీమీటర్ల వాషర్లు రెండేసి వేసి, అదే క్రమంలో వెనక్కి దింపాం.

లేత్ మీద మళ్లీ చూస్తే 200 చుట్లకు 12.2 వోల్టులు. ఆరోవంతుకు కాస్త తక్కువగా తగ్గింది. 14 వోల్టుల మెట్టు ఎక్కడానికి ఇప్పుడు 230 చుట్లు కావాలి.

జూలై 15

ఆషాఢం గాలి మాకు కలిసొచ్చింది. అన్ని కుప్పలూ త్వరగా నిండాయి. 3 మీటర్ల దగ్గర ఇప్పుడు ఏమీ రావడం లేదు, ఆ 5 వాట్లు పోయాయి. 4 దగ్గర 21, దాదాపు మారలేదు. 5 దగ్గర 44. 6 దగ్గర 69. 8 దగ్గర 98 ఉన్నది 129 అయింది. హెర్ట్జ్ అంకె అదే గాలికి 33 చూపిస్తోంది, కొస వేగం నిష్పత్తి 4 దగ్గరికి వచ్చింది, గరగర చప్పుడు బాగా తగ్గింది. ఎనిమిది రెట్లు ఇంకా రాలేదు, 4 నుంచి 8కి ఆరు రెట్లు వచ్చింది. మిగతాది చాలావరకు రాగిలో వేడి: పది ఆంపియర్లకు 60 వాట్లు. ఎక్కువ గాలి వీచేటప్పుడే ఎక్కువ వేడి పుడుతుంది, అదే గాలి కాయిళ్లను చల్లారుస్తుంది కూడా. రెజిన్‌కు హాని లేదని బ్రేకు వేసిన వెంటనే తడిమి చూసుకున్నాను.

మేనల్లుడు వెంటనే అడిగాడు: "అయితే ఇలాగే ఉంచేద్దామా మామయ్యా?" అది గాలిమరను చూసి చెప్పే జవాబు కాదు, గాలిని చూసి చెప్పాల్సిన జవాబు.

ఒక నెలలో గాలి 3 మీటర్లు 200 గంటలు, 4 మీటర్లు 150 గంటలు, 5 మీటర్లు 100, 6 మీటర్లు 60, 8 మీటర్లు 20 గంటలు వీచిందనుకుందాం, మిగతా గంటల్లో అంతకన్నా తక్కువ. పాత సందుతో వచ్చేది 14.2 యూనిట్లు. కొత్త సందుతో 14.3. తేడా లేనట్టే! 8 మీటర్ల దగ్గర వచ్చే 31 వాట్ల లాభం 20 గంటలే పనిచేసింది, 3 దగ్గర పోయిన 5 వాట్లు 200 గంటలపాటు పోయాయి. గాలి ఎక్కువగా వీచే నెలలో కొత్త సందు గెలుస్తుంది, మందగించిన నెలలో పాతది గెలుస్తుంది.

జూలై 19

ఈ గంటల పంపకం గురించే ఇంకొకటి రాయాలి. చాలామంది, మర అమ్మేవాళ్లు సహా, ఊరి సగటు గాలివేగం అడిగి దాని ఘనం కట్టి నెలకు ఎంత వస్తుందో చెప్పేస్తారు. అది తక్కువగా చూపిస్తుంది. కార్డులోంచి పది అంకెలు తీసి మావాడికి చూపించాను:

```python
v = [2, 2, 3, 3, 4, 4, 5, 6, 6, 7]
n = len(v)
print(round((sum(v)/n)**3, 1)) # 74.1
print(sum(x**3 for x in v)/n)  # 109.8
```

సగటు గాలి 4.2. దాని ఘనం 74. కానీ ఒక్కొక్క అంకెకూ ఘనం కట్టి సగటు తీస్తే దాదాపు 110, ఒకటిన్నర రెట్లు. ఏడు మీటర్ల ఒక్క నిమిషం తెచ్చే శక్తి రెండు మీటర్ల నలభై నిమిషాలకు పైగా వీచే గాలితో సమానం. సగటు చెప్పే వేగంతో రోజంతా నిలకడగా వీచే గాలి కంటే, పడుతూ లేస్తూ అదే సగటుకు వచ్చే గాలిలోనే శక్తి ఎక్కువ ఉంటుంది. ఆ శక్తి అంతా మరకు దక్కుతుందని కాదు, అడుగు గీతా పై జారుడూ రెండూ అందులోంచి కోసుకుంటాయి. అందుకని నా పద్ధతి ఇది: ఘనం కట్టడం కూడా మానేసి, గాలి గంటల పట్టికనూ మర వాట్ల పట్టికనూ పక్కపక్కన పెట్టి, వరుస వరుసకు గుణించి కూడటం. జూలై 15 లెక్క అదే.

జూలై 23

సాయంత్రం పెద్ద గాలివాన. గాలి 10 మీటర్లు దాటాక, మరను గాలికి ఎదురుగా నిలిపే వెనక తోక మడత పడడం, మర ముఖం పక్కకు తిరగడం మొదటిసారి దగ్గర నుంచి చూశాను. తోక కీలు ఏటవాలుగా వెల్డింగ్ చేసి ఉంటుంది. మర మొత్తం స్తంభానికి కాస్త పక్కగా కూర్చుని ఉండటం వల్ల గాలి దాన్ని ఎప్పుడూ పక్కకు నెడుతూ ఉంటుంది. మామూలు గాలిలో తోక బరువు ఆ నెట్టుడును ఓర్చుకుంటుంది. గాలి మితిమీరితే తోక పైకి లేచి మడుచుకుంటుంది, వలయం గాలికి ఓరగా తిరుగుతుంది. వాట్లు 150 దగ్గర ఆగి, గాలి ఇంకా పెరుగుతుంటే తగ్గడం మొదలుపెట్టాయి. చిన్నాన్న గొడుగు పట్టుకుని వచ్చి, "ఇంత గాలిని వదిలేస్తోందేమిటిరా!" అని బాధపడ్డారు.

వదిలేయాలి చిన్నాన్నా, అన్నాను. 16 మీటర్ల గాలిలో మన వలయం మీద 5,700 వాట్లకు పైగా వచ్చి పడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే మందమైన రాగి, బలమైన రెక్కలు, లావైన స్తంభం కావాలి. సంవత్సరంలో అలాంటి గాలి వీచే కొద్ది గంటల కోసం అవన్నీ కట్టి, మిగతా రోజులన్నీ ఆ బరువు మోయాలి. పెద్ద మరలు కూడా సుమారు 12 మీటర్ల దగ్గర తమ గరిష్ఠానికి చేరి, ఆ పైన రెక్కల కోణం తిప్పుకుని మిగిలిన గాలిని వదిలేస్తాయి. 25 దగ్గర పూర్తిగా ఆగిపోతాయి. కాబట్టి గీత ఆకారం ఇది: అడుగున బల్లపరుపు, తర్వాత నిటారుగా లేచేది, పైన మళ్లీ బల్లపరుపు. ఘనం లెక్క పూర్తిగా చెల్లేది నడుమ ఉన్న ముక్కకే.

వాన వెలిశాక స్టే వైర్లు నాలుగూ బిగించి చూశాను, సడలలేదు.

జూలై 27

చిన్నాన్నతో కూర్చుని తేల్చుకున్నాం. వాషర్లు శ్రావణం దాటేవరకు అలాగే ఉంటాయి. నైరుతి వెనక్కి తగ్గి గాలి మందగించాక మర దింపి, ఒక్కో స్టడ్ నుంచి రెండు వాషర్లూ తీసేయాలి. అప్పుడు 3 మీటర్ల గాలికి కూడా కొట్టంలో దీపానికి సరిపడా ఐదు వాట్లు వస్తాయి. చలికాలపు రాత్రుల్లో ఆయనకు కావలసినది అదే. అప్పటికి కావలసిన మూడు పొడవాటి బోల్టులను ఒక డబ్బాలో వేసి మోటారు గదిలో గోడ మీది సూత్రం కింద తగిలించాను. ఏ సందుకు ఎన్ని వోల్టులో డబ్బా మీద రాసి ఉంది: వాషర్లతో 200 చుట్లకు 12.2, లేకుండా 14.4.